రెండు కాలమ్‌ల పుట: వరుస కన్నా ముందు తేలాల్సింది

స్కాన్ చేసిన పుటలో అక్షరాలను గుర్తించడం ఒక పని. గుర్తించినవాటిని పాఠకుడు చదివే వరుసలో పేర్చడం వేరే పని. మొదటిది ఎంత బాగా జరిగినా రెండోది తప్పితే చేతికి వచ్చేది చదవలేని పాఠమే. రెండు కాలమ్‌ల పుటలో ఆ తప్పు ఎలా ఉంటుందో ఓసీఆర్ వాడినవారందరికీ తెలుసు: ఎడమ కాలమ్ మొదటి పంక్తికి కుడి కాలమ్ మొదటి పంక్తి అతుక్కుంటుంది, రెండో పంక్తికి రెండోది, అలా పుట చివరిదాకా ప్రతి వాక్యమూ సగంలో తెగుతుంది. దీనికి విరుగుడు వెతకడం మొదలై 40 ఏళ్లు దాటింది. కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా ఇక సమస్య తీరినట్టే అన్న మాటా వినిపిస్తూ వచ్చింది. అయినా పాత పత్రికలను, సంకలనాలను పాఠంగా మార్చిన ఫైళ్లు తెరిస్తే, శీర్షిక దాని పైపేరా చివర అతుక్కుని ఉంటుంది. బొమ్మ కింది క్యాప్షన్ ఏదో వాక్యం నడుమ దూరి ఉంటుంది. నిజానికి కాలమ్‌లను విడదీయడం చాలామటుకు తేలిన లెక్క. తేలనిది శీర్షికల సంగతి, క్యాప్షన్ల సంగతి. ముందు వరుస తేల్చి, ఆ తర్వాత ఏది శీర్షికో ఏది క్యాప్షనో చూద్దాం అనుకున్న పద్ధతులు ఒకే చోట దెబ్బ తింటున్నాయి. ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో చూస్తే ఈ చర్చలోని చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఖాళీలను నమ్మిన తరం

తొలి పద్ధతులు అక్షరాలను కాదు, వాటి మధ్య తెల్లటి ఖాళీలను నమ్ముకున్నాయి. 1982లో ఐబీఎంకు చెందిన వాంగ్, కేసీ, వాల్ ప్రచురించిన పద్ధతిలో, ఒక హద్దు కన్నా చిన్నవైన తెల్లటి ఖాళీలన్నిటినీ నలుపుతో నింపేస్తారు. అక్షరాలు కలిసి మాటలవుతాయి, మాటలు పంక్తులవుతాయి, పంక్తులు దిమ్మెలవుతాయి. పెద్ద ఖాళీలు మాత్రం తెల్లగా మిగిలి దిమ్మెల హద్దులను చూపిస్తాయి. 1984లో జార్జ్ నాగీ, శరద్ సేథ్ దీనికి ఎదురు దిశలో వెళ్లారు. పుట మొత్తాన్ని ఒక్క దిమ్మెగా తీసుకుని, అడ్డంగా గానీ నిలువుగా గానీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కోసి, వచ్చిన ముక్కలను మళ్లీ అలాగే కోస్తూ పోవడం వారి పద్ధతి. దీన్ని ఎక్స్-వై కోత అంటారు. దీని ఆకర్షణ ఏమిటంటే, కోసిన క్రమమే చదివే క్రమాన్ని కూడా ఇచ్చేస్తుంది: అడ్డకోతలో పైముక్క ముందు, నిలువుకోతలో ఎడమముక్క ముందు. ఇంత చవకగా ఇంత పని చేసే పద్ధతి లేదు కాబట్టే ఏదో ఒక రూపంలో అది నేటికీ వాడుకలో ఉంది.

దాని బలహీనత కూడా ఖాళీలోనే ఉంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసిన ఏ4 పుట దాదాపు 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల ఎత్తు ఉంటుంది. రెండు కాలమ్‌ల మధ్య 100 చుక్కల ఖాళీ, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు ఉందనుకుందాం. పుట ఒక్క డిగ్రీ వాలితే 3000 చుక్కల ఎత్తులో కాలమ్ అంచు 52 చుక్కలు జరుగుతుంది. నిటారుగా కోయడానికి మిగిలే ఖాళీ సగానికి పడిపోతుంది. రెండు డిగ్రీలు వాలితే 105 చుక్కలు, అంటే కోతకు దారే మూసుకుపోతుంది. అందుకే పుటను నిటారు చేయడం ఈ పద్ధతిలో మొదటి మెట్టు. బైండు చేసిన సంపుటిలో వెన్ను దగ్గర వంగిన పంక్తులకు మాత్రం ఆ దిద్దుబాటు సరిపోదు, ఎందుకంటే అక్కడ వాలు చోటు చోటుకూ మారుతుంది.

తెలుగు పుటలో ఇంకో రెండు ఇబ్బందులు కలుస్తాయి. మన మాటలు పొడవు. ఇరుకు కాలమ్‌లో రెండంచులూ సమంగా ఉండేలా కూర్చితే పంక్తికి మూడు నాలుగు మాటలే పట్టి, వాటి మధ్య ఖాళీలు బాగా సాగుతాయి. వరుసగా నాలుగైదు పంక్తుల్లో ఆ ఖాళీలు ఒకదాని కింద ఒకటి పడితే, లేని కాలమ్ ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోది నిలువులో వచ్చే ఇబ్బంది: పైపంక్తి వత్తులు దిగి, కిందిపంక్తి గుడులు లేచి ఒకదానికొకటి తాకితే రెండు పంక్తులూ కలిసిపోతాయి. ఇంగ్లిషు పత్రాలకు కుదిర్చిన హద్దులను తెలుగు పుటకు అలాగే వాడితే కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం.

అంచులను, సంబంధాలను నమ్మిన తరం

తర్వాతి తరం కోతలను వదిలి పంక్తుల మధ్య సంబంధాలను పట్టుకుంది. థామస్ బ్రూయెల్ 2003లో ఇచ్చిన సూత్రాలు రెండే. అడ్డంగా చూస్తే ఒకే మేరలో ఉన్న రెండు పంక్తుల్లో పైది ముందు. ఒక పంక్తి మరోదానికి పూర్తిగా ఎడమన ఉంటే ఎడమది ముందు. అయితే ఎత్తులో ఆ రెండింటి నడుమ, రెండు మేరలనూ తాకుతూ మూడో పంక్తి ఏదీ ఉండకూడదు. ఈ జతలన్నిటినీ తృప్తిపరిచే వరుసను లెక్కగట్టి తీస్తారు. ఆ మూడో పంక్తి షరతే ఇందులో కీలకం. పుటకు అడ్డంగా పరుచుకున్న శీర్షిక ఒక అడ్డుగోడలా నిలబడుతుంది. దాని కింది ఎడమ కాలమ్, దాని పైనున్న కుడి కాలమ్ కన్నా ముందుకు రాకుండా ఆపుతుంది.

టెసరాక్ట్‌కు పుట విశ్లేషణను రాసిన రే స్మిత్ 2009లో మరో దారి చూపాడు. కూర్పరి పంక్తులన్నిటినీ ఒకే అంచున మొదలుపెట్టి ఉంటాడు. ఆ అంచులను ముందు కనిపెడితే కాలమ్‌లు వాటంతట అవే బయటపడతాయి. ఒకే కాలమ్‌లో ఇమిడినది పారే పాఠం, పలు కాలమ్‌ల వెడల్పు నిండినది శీర్షిక, కాలమ్ గీతను దాటి కూడా పూర్తిగా నిండనిది విడిగా పెట్టిన ముక్క అని రకాలుగా విడదీశాడు. ఇక్కడ, ముక్క ఏ పాత్ర పోషిస్తోందన్న ప్రశ్న వరుస లెక్కలోకి వచ్చింది. అయితే ఆ పాత్రను వెడల్పును బట్టి ఊహిస్తున్నారు తప్ప అసలు గుణాన్ని బట్టి కాదు. అడ్డంగా పరుచుకున్న క్యాప్షన్‌కూ అదే వెడల్పు ఉంటుంది మరి.

ఈ తరం మిగిల్చిన పెద్ద మేలు వరుస కన్నా స్థానాలే. ఓసీఆర్ ఫలితాన్ని ఉత్త పాఠంగా దాచుకుంటే, తప్పిన వరుసను తర్వాత దిద్దడం దాదాపు అసాధ్యం. ప్రతి మాటకూ దాని చోటు కూడా దాచుకుంటే ఎన్నిసార్లయినా మళ్లీ పేర్చుకోవచ్చు. టెసరాక్ట్‌లో అందుకు ఒక్క పంక్తి చాలు:

```
tesseract page.tif page -l tel --psm 3 tsv
```

ఇందులో `--psm 3` అంటే పుట అమరికను దానంతట అదే కనుక్కోమని. దీని బదులు `--psm 6` ఇస్తే పుటంతా ఒకే దిమ్మె అని నమ్ముతుంది. కాలమ్‌లు కలగలిసిన ఫైళ్లు ఎదురైనప్పుడు ముందుగా అనుమానించాల్సినది దీన్నే. వచ్చే పట్టికలో ప్రతి మాటకూ `left`, `top`, `width`, `height` ఉంటాయి. కలగలిసిందో లేదో కళ్లతో చదవకుండానే పట్టుకోవచ్చు: మాటలు వచ్చిన వరుసలో వెళ్తూ, కాలమ్‌ల మధ్య ఖాళీని ఎన్నిసార్లు దాటారో లెక్కపెట్టాలి. సరైన వరుసలో పుట మొత్తానికి ఒకటి నుంచి మూడు దాటుళ్లు వస్తాయి. కలగలిసిన వరుసలో పంక్తికి రెండేసి వస్తాయి.

ఒకే అమరిక, రెండు వరుసలు

ఇప్పుడు అసలు దెబ్బ తగిలే చోటుకు వద్దాం. పైన చెప్పిన కొలతల పుటనే తీసుకుందాం. ఎడమ కాలమ్ 250 నుంచి 1190 దాకా, కుడిది 1290 నుంచి 2230 దాకా. పైన అడ్డంగా వ్యాసం పేరు. దాని కింద 560 నుంచి 1450 ఎత్తు దాకా రెండు కాలమ్‌ల పాఠం. ఎడమది క, కుడిది చ అనుకుందాం. 1500 నుంచి 2180 దాకా రెండు కాలమ్‌లనూ కలుపుతూ ఏదో ఒకటి ఉంది. దాని కింద 2260 నుంచి 3300 దాకా మళ్లీ రెండు కాలమ్‌లు. ఎడమది ట, కుడిది త.

మధ్యలో ఉన్నది ఉపశీర్షిక అయితే వరుసలో సందేహమే లేదు: క, చ, ఉపశీర్షిక, ట, త. శీర్షిక పుటను రెండు అంతస్తులుగా విడగొడుతుంది. పై అంతస్తు పూర్తయ్యాకే కిందికి దిగాలి. కానీ మధ్యలో ఉన్నది బొమ్మ, దాని కింద క్యాప్షన్ అయితే చాలా పత్రికల్లో పాఠం బొమ్మను దాటుకుని కాలమ్ వెంటే కిందికి పోతుంది: క, ట, చ, త. కొలతలు రెండింటిలోనూ ఒక్కటే. ఎక్స్-వై కోతకు ఈ రెండు పుటలూ ఒక్కలాగే కనిపిస్తాయి. బ్రూయెల్ సూత్రంలోని మూడో పంక్తి షరతుకూ అంతే, ఎందుకంటే అడ్డంగా పరుచుకున్న క్యాప్షన్ పంక్తి కూడా శీర్షికలాగే అడ్డుగోడ అవుతుంది. జ్యామితిని ఎంత పదును పెట్టినా ఈ రెండింటినీ అది విడదీయలేదు. విడదీసేది పాత్ర ఒక్కటే. అందుకే పాత్రలు ముందు తేలాలి, వరుస తర్వాత.

అలా చేస్తే పని ఇలా సాగుతుంది. ముందుగా బొమ్మలను గుర్తించి, వాటి క్యాప్షన్లను పట్టుకుని, ఆ జంటలను ప్రధాన పాఠం నుంచి పక్కకు తీసి, ఏ బొమ్మకు ఏ క్యాప్షనో ముడి వేసి ఉంచాలి. ప్రతి పుటలోనూ పైన వచ్చే పత్రిక పేరు, పుట సంఖ్య శీర్షికలు కావు. పక్క పుటలతో పోల్చి చూస్తే అదే ఎత్తులో అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి దొరికిపోతాయి, వాటినీ తీసేయాలి. మిగిలినదాన్ని అడ్డంగా పరుచుకున్న శీర్షికల దగ్గర మాత్రమే అంతస్తులుగా విడగొట్టాలి, బొమ్మల దగ్గర కాదు. ఒక్కో అంతస్తులో ఎడమ కాలమ్ తర్వాత కుడి కాలమ్. ఒకే కాలమ్‌లో ఇమిడిన ఉపశీర్షికకు ఏ ప్రత్యేక ఏర్పాటూ అక్కర్లేదు; దాన్ని శీర్షికగా గుర్తు పెట్టి ఆ చోటనే వదిలేస్తే చాలు. చివరగా క్యాప్షన్‌ను పాఠంలోకి తిరిగి చేర్చేటప్పుడు, అది ఏదో ఒక పేరా పూర్తయ్యాకే రావాలి. పేరాలో ఎక్కడైనా ఆ పటం సంఖ్యను ప్రస్తావించి ఉంటే ఆ పేరా తర్వాత రావాలి.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది: బొమ్మ ఉన్నంత మాత్రాన పాఠం దాన్ని దాటే పోతుందన్న హామీ ఏది? కొన్ని పత్రికలు బొమ్మనే అడ్డుగోడగా వాడతాయి. నిజమే. ఇక్కడే భాష అక్కరకొస్తుంది, అది కూడా కొన్ని అతుకుల దగ్గర మాత్రమే. మన ఉదాహరణలో క దిమ్మె "ఆ ఏడాది వానలు ఆలస్యంగా వచ్చినా చెరువుల్లో" అని ఆగిందనుకుందాం. ట దిమ్మె "నీళ్లకు కొరత రాలేదు" అని, చ దిమ్మె "అనే ప్రశ్నకు జవాబు వెతకాలి" అని మొదలయ్యాయి. ట చివర "మరి పంట తగ్గడానికి కారణమేమిటి" అని ఉంది. క తర్వాత ట, ట తర్వాత చ అని రెండు అతుకులూ ఒకే మాట చెబుతున్నాయి. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివరే వస్తుంది కాబట్టి ఈ పరీక్ష మనకు బాగా కలిసి వస్తుంది. క్రియ లేకుండా ఆగిన పంక్తి చాలామటుకు ఇంకా సాగాల్సినదే. పాత ముద్రణల్లో గీత పెట్టకుండానే మాటను విరిచే అలవాటు కనిపిస్తుంది కాబట్టి, విరిగిన ముక్కలను కలిపి చూడటం కూడా ఒక పరీక్షే. అయితే క పూర్ణవిరామంతో ముగిసి, చ, ట రెండూ కొత్త పేరాలతో మొదలైతే అతుకు ఏమీ చెప్పదు. అప్పుడు అదే సంచికలో నోరు తెరిచి చెప్పే పుటలేమైనా ఉంటే వాటిని చూడాలి. ఒక పత్రిక కూర్పరి అలవాటు సాధారణంగా పుట పుటకూ మారదు. అదీ లేకపోతే పుటను అనిశ్చితమని గుర్తు పెట్టి మనిషికి వదిలేయడమే మేలు.

శీర్షిక ఎత్తు చెప్పే అబద్ధం

పాత్రలే ముందు అంటే, వాటిని గుర్తించడం సులువని కాదు. శీర్షికకు అందరూ వాడే గుర్తు అక్షరం ఎత్తు. ఇంగ్లిషులో పంక్తి చుట్టూ గీసిన పెట్టె ఎత్తు అక్షర పరిమాణానికి దగ్గరగానే ఉంటుంది. తెలుగులో ఆ పెట్టె మోసం చేస్తుంది. వత్తులు, గుడులు రెండూ ఉన్న మామూలు పంక్తి పెట్టె, అవేవీ లేని చిన్న శీర్షిక పెట్టె కన్నా ఎత్తుగా ఉండవచ్చు. `height` ఒక్కదాన్నే నమ్మితే పేరాలో పంక్తులు శీర్షికలవుతాయి, శీర్షికలు పేరాలో కలిసిపోతాయి. వత్తులనూ గుడులనూ వదిలి మూలాక్షరాల ఎత్తుల్లో మధ్యస్థాన్ని తీసుకోవడం, గీత మందాన్ని కొలవడం ఇంతకన్నా నమ్మదగ్గవి. వాటికి తోడు అమరిక ఉంది: శీర్షికకు పైన ఖాళీ ఎక్కువ, కింద తక్కువ, పంక్తి కాలమ్ నిండదు, చివర పూర్ణవిరామం ఉండదు. ఏ ఒక్క గుర్తూ చాలదు, రెండు మూడు కలిస్తే తప్పు అరుదు. క్యాప్షన్‌ది ఇంకొంచెం తేలిక: చిన్న అక్షరాలు, బొమ్మ అంచుల మధ్యనే ఇమడటం, కింది పాఠం కన్నా బొమ్మకే దగ్గరగా ఉండటం. పట్టికలకు మాత్రం శీర్షిక తరచు పైన ఉంటుంది కాబట్టి దూరాన్ని రెండు వైపులా కొలవాలి.

నేర్చుకునే నమూనాల వాదన

ఇదంతా పాతకాలపు శ్రమ, ఉదాహరణలిస్తే యంత్రమే నేర్చుకుంటుంది అన్నది మూడో వర్గం. 2019లో వచ్చిన పబ్‌లేనెట్ మూడున్నర లక్షలకు పైగా పుటలతో శీర్షిక, పాఠం, పట్టిక, బొమ్మ వంటి పాత్రలను నేర్పింది. 2021లో లేఅవుట్‌రీడర్ వరుసనే నేరుగా నేర్చుకోబోయింది. దాని శిక్షణకు కట్టిన రీడింగ్‌బ్యాంక్‌లో 5 లక్షల పుటలున్నాయి. పాత్రలను గుర్తించడంలో ఈ నమూనాల మెరుగుదల కాదనలేనిది, చేతితో రాసిన నియమాలు వాటికి సాటి రావు. వరుస విషయంలో మాత్రం ఆ పుటలు ఎక్కడివో అడగాలి. పబ్‌లేనెట్‌వి వైద్య పరిశోధన పత్రాలు. రీడింగ్‌బ్యాంక్‌వి వర్డ్ ఫైళ్లు, ఫైలులో పాఠం దాగి ఉన్న క్రమాన్నే సరైన వరుసగా తీసుకున్నారు. 2020 నాటి డాక్‌బ్యాంక్‌వి లేటెక్‌లో కూర్చిన పత్రాలు, అందులో రెండు కాలమ్‌ల వెడల్పు బొమ్మ మామూలుగా పుట పైభాగానికే వెళ్తుంది. అంటే పైన చెప్పిన క-చ-ట-త చిక్కు, పుట నడుమ అడ్డంగా పరుచుకున్న బొమ్మ, ఇలాంటి చోట అరుదుగానే వస్తుంది. చూడని చిక్కును నమూనా నేర్చుకోలేదు. పాత తెలుగు వారపత్రిక పుటకు ఈ శిక్షణలో బంధువులే లేరు.

పుట బొమ్మను చూసి నేరుగా పాఠం రాసేసే నమూనాలతో ఈ దశలన్నీ అనవసరమైపోయాయన్నది ఇటీవలి వాదన. ఫలితం చూడటానికి శుభ్రంగా ఉంటుంది, శీర్షికలు శీర్షికల్లాగే వస్తాయి. కష్టం తప్పు జరిగినప్పుడు. 2023లో వచ్చిన నూగా నమూనాను తయారుచేసినవారే, అది కొన్ని పుటల్లో ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ రాసే చిక్కులో పడుతుందని చెప్పారు. అది కనిపించే తప్పు కాబట్టి నయం. రెండు పంక్తులు వదిలేసి అతుకును చక్కగా కలిపేస్తే చదివేవారికి అనుమానమే రాదు. మాట పుటలో ఎక్కడిదో చెప్పని ఫలితాన్ని సరిచూడటానికి మళ్లీ స్థానాలున్న ఓసీఆరే కావాలి. కాబట్టి ఇవి పాత దశలకు బదులు కావు. పాత్రలను ఊహించడానికి, మూగ అతుకుల దగ్గర అభిప్రాయం చెప్పడానికి మంచి తోడు.

కొలబద్దే వంకరైతే

ఏ పద్ధతి మెరుగో తేలకపోవడానికి సగం కారణం కొలిచే తీరు. వరుసను కొలవడానికి వాడే కొలతల్లో ఒకటి కెండాల్ టావ్: ప్రతి పంక్తుల జతలో ఏది ముందో సరిగా వచ్చిందా అని చూసి, అంతా సరిగా ఉంటే 1, పూర్తిగా తిరగబడితే -1 ఇస్తుంది. కాలమ్‌కు 40 పంక్తుల పుటలో మొత్తం జతలు 3160. కుడి కాలమ్‌ను ముందు, ఎడమ కాలమ్‌ను తర్వాత పెట్టిన పద్ధతిలో 1600 జతలు తప్పుతాయి, టావ్ -0.01. రెండు కాలమ్‌లనూ పంక్తి పంక్తికీ కలగలిపిన పద్ధతిలో 780 జతలే తప్పుతాయి, టావ్ 0.51. మొదటి పుటను పాఠకుడు ఒక్క చోట తడబడి చదివేయగలడు. రెండోదాంట్లో ఒక్క వాక్యమూ చదవలేడు. కొలత మాత్రం రెండోదే మేలంటోంది! ఏ పంక్తి పక్కన ఏది రావాలో అది వచ్చిందా అని లెక్కిస్తే తీర్పు తిరగబడుతుంది: మొదటిదాంట్లో 79 అతుకుల్లో 78 నిలుస్తాయి, రెండోదాంట్లో ఒక్కటీ నిలవదు. అక్షరాల తేడాను లెక్కించే పద్ధతికి వేరే జబ్బు ఉంది. చెక్కుచెదరని దిమ్మె చోటు మారితే, దాన్ని ఒకచోట చెరిపి మరోచోట కొత్తగా రాసినట్టు రెండుసార్లు శిక్ష వేస్తుంది.

క్యాప్షన్ విషయంలో ఈ కొలతలన్నిటికీ ఒకే లోపం ఉంది: దానికి ఒకే ఒక్క సరైన చోటు ఉందని అనుకుంటాయి. క్యాప్షన్‌ను ఈ పేరా తర్వాత పెట్టినా, తర్వాతి పేరా చివర పెట్టినా పాఠకుడికి నష్టం లేదు. వాక్యం నడుమ పెడితేనే నష్టం. క్లౌస్నర్, ప్లెట్‌షాకర్, ఆంటోనకోపౌలోస్ 2013లో దీనికి జవాబు చెప్పారు. సరైన వరుసను ఒకే గొలుసుగా కాక, క్రమం ఉన్న గుంపులు, క్రమం అక్కర్లేని గుంపులు కలిసిన చెట్టుగా రాయమన్నారు. పేజ్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో `OrderedGroup`, `UnorderedGroup` అన్న పేర్లు ఈ ఆలోచనవే. కొలతలో ఇది అందరూ అందుకోవాల్సిన దారని నా అభిప్రాయం, ఎందుకంటే పుట స్వభావమే అంత: ప్రధాన పాఠానికి కచ్చితమైన వరుస ఉంది, చుట్టూ ఉన్నవాటికి అనుబంధమే ఉంది.

ఇంకా తేలనివి

మూడు విషయాల్లో వాదం నడుస్తూనే ఉంది. ఒకటి, పుట దాటే పాఠం. "తరువాయి 42వ పుటలో" అని తెగిన వ్యాసానికి పుట లోపలి వరుస ఎంత సరిగా ఉన్నా చాలదు. చివరి దిమ్మెకు మరో పుటలోని దిమ్మెతో ముడి కావాలి, పుటలవారీగా నడిచే పనిముట్లు దాన్ని పట్టించుకోవు. రెండోది, కాలమ్ అడుగున ఉన్న పాదసూచికలు. వాటిని కాలమ్‌తోనే ఉంచితే ఎడమ కాలమ్ చివరి వాక్యానికీ కుడి కాలమ్ మొదటి వాక్యానికీ మధ్య అడ్డొస్తాయి, తీసేస్తే పాఠంలోని గుర్తుతో ముడి తెగుతుంది. క్యాప్షన్‌కు చేసినట్టే పక్కకు తీసి ముడి ఉంచడమే సబబనిపిస్తుంది గానీ, గుర్తు చిన్న నక్షత్రమో అంకెయో అయినప్పుడు ఓసీఆర్ దాన్నే తరచు జారవిడుస్తుంది. మూడోది, పేర్చిన ఫలితాన్ని ఏ రూపంలో దాచాలన్నది. హెచ్‌ఓసీఆర్ ప్రధానంగా ఫైలులో వచ్చే క్రమాన్నే వరుసగా తీసుకుంటుంది. పేజ్ ఎక్స్‌ఎంఎల్ వరుసను విడిగా రాయనిస్తుంది గానీ దాన్ని చదివి వాడుకునే పనిముట్లు తక్కువ. ఉత్త పాఠంగా మార్చే చివరి మెట్టులో క్యాప్షన్ ముడులన్నీ తెగిపోతాయి. అందుకే ఆ మెట్టుకు ముందరి ఫైలును, మాటల స్థానాలతో సహా, పారేయకుండా ఉంచేవారికే తర్వాత వరుస దిద్దుకునే వీలు మిగులుతోంది.